చార్జర్ అసలుదా, నకిలీదా? లేబుల్, ఆర్-నంబర్, తూకంతో తేల్చుకోవడం ఎలా

కోఠీ గుజరాతీ గల్లీలోనో, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో చార్జర్ అడగండి. "ఒరిజినల్ కావాలా, ఫస్ట్ కాపీ ఇయ్యాలా అన్నా?" అని అడిగే షాపాయన ఒక రకంగా నిజాయితీపరుడే. ఆ ఫస్ట్ కాపీనే సీల్ వేసిన డబ్బాలో పెట్టి ఒరిజినల్ అని ఇచ్చేవాడితోనే చిక్కు. అనుమానపడితే మన ఫోన్‌కే తగిలించి చార్జింగ్ గుర్తు చూపిస్తాడు. ఆ గుర్తుకు అర్థం ఫోన్‌లోకి కరెంటు వెళ్తోందనే. గోడలోని 230 వోల్టులు ఫోన్ దాకా రాకుండా లోపల అడ్డం ఏముందో, అసలు ఉందో లేదో దాన్నిబట్టి తెలియదు.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్షలు మూడున్నాయి. వాటిని మా బావమరిది కొన్న చార్జర్ మీదే చూపిస్తాను. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్నాడు. ఫోన్‌తో పాటు వచ్చిన 33 వాట్ల చార్జర్ ఎక్కడో పోయింది. అదే కంపెనీ పేరున్న దాన్ని 300 రూపాయలకు తెచ్చుకున్నాడు. వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు: "బావా, గంటల తరబడి పెట్టినా నిండట్లేదు. ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది." అతని రూమ్మేట్‌దీ అదే ఫోన్, డబ్బాలో వచ్చిన చార్జరే వాడుతున్నాడు. ఇంకేం, రెండూ పట్టుకురమ్మన్నాను.

ముందుగా లేబుల్ మీది లెక్క

అచ్చుతప్పులు వెతకమని అందరూ చెప్తారు. అవి దొరికితే మంచిదే. కానీ ఇప్పటి కాపీల మీద అచ్చు బాగానే ఉంటోంది. అందుకే నేను అక్షరాల కంటే అంకెలు ముందు చూస్తాను. నకలు కొట్టేవాడు పేరు జాగ్రత్తగా దించుతాడు గానీ లెక్క సరిపోయిందా అని చూసుకోడు.

చార్జర్ అడుగున చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్, ఔట్‌పుట్ అని రెండు వరుసలుంటాయి. ఔట్‌పుట్ వరుసలో వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. రూమ్మేట్ చార్జర్ మీద పెద్ద అంకె 11 వోల్టులు, 3 ఆంపియర్లు. గుణిస్తే 33 వాట్లు, డబ్బా మీద ఉన్నదే. మావాడి చార్జర్ ముందు వైపు 33 వాట్లని బంగారు రంగులో మెరుస్తోంది. అడుగున చూస్తే 5 వోల్టులకు 2 ఆంపియర్లు, 9 వోల్టులకు 1.67 ఆంపియర్లు. అంటే 10 వాట్లు, లేదా సుమారు 15 వాట్లు. 33 ఎక్కడా రాదు. ఫోన్ నిండకపోవడానికి కారణం అక్కడే అచ్చయి ఉంది.

ఇన్‌పుట్ వరుసను చాలామంది వదిలేస్తారు, కానీ నన్నడిగితే అదే ఎక్కువ పట్టిస్తుంది. 100-240 వోల్టులు అని రాసి, పక్కన చార్జర్ గోడ నుంచి గరిష్ఠంగా ఎంత కరెంటు లాగుతుందో ఆంపియర్లలో రాస్తారు. వోల్టేజి తక్కువున్నప్పుడే ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి లెక్క 100 వోల్టుల దగ్గర వేయాలి. అసలు దాని మీద 0.8 ఆంపియర్లుంది. 100ని 0.8తో గుణిస్తే 80, కాబట్టి 33 వాట్లు ఇవ్వడం దానికి కష్టం కాదు. కాపీ మీద ఉన్నది 0.3. గుణిస్తే 30. తీసుకునేదే 30 దాటని వస్తువు 33 వాట్లు ఎలా ఇస్తుంది? పైగా ప్రతి చార్జర్‌లోనూ కొంత శక్తి వేడిగా పోతుంది. 65 వాట్లని చెప్పి ఇన్‌పుట్ దగ్గర 0.5 ఆంపియర్లు రాసినవీ బజారులో కనిపిస్తాయి. ఈ గుణకారం షాపు ముందు నిలబడి నోటితోనే చేసేయొచ్చు.

సీఈ అనే అక్షరాలు చూసి ధీమా పడొద్దు. అది యూరప్ మార్కెట్ కోసం తయారీదారు తనకు తాను వేసుకునే గుర్తు, మన దేశంలో అమ్మడానికి అది చాలదు. ఒకదానిలో ఒకటి ఉండే రెండు చతురస్రాల గుర్తుకు లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని అర్థం. అర్థం మంచిదే, కాకపోతే ఇంకు ఉన్న ఎవరైనా దాన్ని అచ్చేసుకోవచ్చు.

తర్వాత ఆర్-నంబర్

చార్జర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మిక్సీ, ఇస్త్రీపెట్టెల మీద చూసే ఐఎస్ఐ లైసెన్సు వేరు, ఇది వేరు. చార్జర్ మీద బీఐఎస్ గుర్తుతో పాటు ప్రమాణం నంబరు ఉంటుంది. ఎక్కువగా కనిపించేది IS 13252, కొత్త వాటి మీద IS/IEC 62368 కూడా ఉండొచ్చు. దాంతో పాటు R- తో మొదలై ఎనిమిది అంకెలుండే నంబరు ఉంటుంది. అదే ఆర్-నంబర్. అసలు ఆ నంబరే లేకపోతే ఇక మిగతా పరీక్షలతో పని లేదు, అక్కడే పెట్టేసి రండి.

నంబరుంటే ఫోన్‌లో BIS Care యాప్ తెరిచి, Verify R-No. under CRS అన్న చోట కొట్టండి. తయారీదారు పేరు, చిరునామా, ఏ వస్తువుకు ఇచ్చారు, ఏ బ్రాండ్‌కు ఇచ్చారు, రిజిస్ట్రేషన్ ఇప్పుడు చెల్లుతోందా లేదా అన్నవి వస్తాయి. మావాడి చార్జర్ నంబరు కొడితే వేరే బ్రాండ్ పవర్ బ్యాంకుల వివరాలొచ్చాయి. ఎవరి నంబరో తెచ్చి దీని మీద అతికించారన్నమాట.

ఇక్కడ పొరబడే అవకాశం ఒకటుంది. తయారీదారు దగ్గర మీ ఫోన్ కంపెనీ పేరు కాకుండా ఇంకేదో పేరు కనిపిస్తే కంగారు పడొద్దు. రిజిస్ట్రేషన్ ఇచ్చేది ఫ్యాక్టరీని బట్టి, పెద్ద బ్రాండ్లు చార్జర్లను వేరే ఫ్యాక్టరీల్లో చేయించుకోవడం మామూలే. చూడాల్సింది బ్రాండ్ పేరు, వస్తువు పేరు సరిపోయాయా అని, లేబుల్ మీద తయారీదారు పేరుంటే అది యాప్‌లోని పేరుతో కలిసిందా అని.

అన్నీ సరిపోయినా పని అయిపోలేదు. తెలివైనవాడు అసలు చార్జర్ మీది నంబరునే అంకె పొల్లుపోకుండా దించుతాడు. అప్పుడు యాప్ కూడా పచ్చజెండా ఊపుతుంది. నంబరు సరిపోకపోతే నకిలీ అని తేలినట్టే, సరిపోతే మాత్రం అసలుదని తేలినట్టు కాదు. అందుకే మూడో పరీక్ష కావాలి.

ఆఖరున తూకం

వంటింట్లో వాడే డిజిటల్ కాటా ఒక గ్రాము తేడా చూపించేదైతే చాలు. కేబుల్ తీసేసి, చార్జర్ ఒక్కటే పెట్టండి. పోల్చాల్సింది అదే మోడల్ నంబరున్న అసలు చార్జర్‌తోనే. వాట్లు ఒకటే కదా అని వేరే మోడల్‌తో పోలిస్తే తప్పుతారు. ముఖ్యంగా లోపల గాలియం నైట్రైడ్ చిప్‌లు వాడే గ్యాన్ రకం చార్జర్లు అంతే శక్తికి చాలా చిన్నవిగా వస్తాయి, అది లోపం కాదు.

రూమ్మేట్‌ది 68 గ్రాములు తూగింది. మావాడిది 43. ఒకే అచ్చులో పోసిన రెండు అసలు చార్జర్ల మధ్య ఒకటి రెండు గ్రాముల తేడా ఉంటే పట్టించుకోను. పదో వంతు తగ్గితే అనుమానిస్తాను. ఇక్కడ తగ్గింది మూడో వంతు పైనే. బరువు కోసం లోపల ఇనుప ముక్క అతికించే వీలుంది కాబట్టి, తూకం సరిపోయినా చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. ఏదైనా గలగలమంటే వాడొద్దు. పిన్నులు వేళ్లతో కదిపితే ఊగుతున్నా అంతే, వదులు పిన్ను సాకెట్లో నిప్పురవ్వలు లేపుతుంది.

ఆ 25 గ్రాములు ఏమైనట్టు?

చార్జర్ లోపల రెండు వైపులుంటాయి. గోడ వైపు వచ్చిన 230 వోల్టుల ఏసీ ముందు డీసీగా మారి దాదాపు 325 వోల్టులవుతుంది. ఫోన్ వైపు ఉండేవి ఐదో, తొమ్మిదో, పదకొండో వోల్టులు. ఈ రెండు వైపులకూ తీగతో నేరుగా సంబంధం ఉండకూడదు. మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంతం ద్వారానే శక్తిని దాటిస్తుంది. మంచి చార్జర్‌లో ఆ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలకు పొరలు పొరలుగా ఇన్సులేషన్ ఉంటుంది. సర్క్యూట్ బోర్డు మీద కూడా రెండు వైపుల మధ్య ఐదారు మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు, చోటు చాలకపోతే బోర్డును చీల్చి గాడి పెడతారు. గోడ వైపు ఫ్యూజు, ఫిల్టర్, వేడిని పీల్చే లోహపు రేకు, భాగాలు కదలకుండా పోసే జిగురు కూడా ఉంటాయి. అన్నిటికీ బరువుంది, ఖర్చుంది. చవక చార్జర్‌లో తీసేసేవి ఇవే.

ఫ్యూజు లేకపోతే లోపల షార్టయినప్పుడు కరెంటు ఆగదు, ప్లాస్టిక్ కరిగి అంటుకుంటుంది. రెండు వైపుల మధ్య ఖాళీ మిల్లీమీటరు కూడా లేకపోతే తేమ చేరిన రోజున, లేదా ఒక టంకం చుక్క జారిన రోజున, గోడలోని కరెంటు నేరుగా కేబుల్‌లోకి వస్తుంది. చార్జింగ్‌లో పెట్టి ఫోన్ మాట్లాడేవాళ్లకు అది ప్రాణాల మీదికి తెస్తుంది. 2016లో యూఎల్ అనే అమెరికన్ భద్రతా పరీక్షల సంస్థ 400 నకిలీ ఐఫోన్ చార్జర్లను పరీక్షించింది. అన్ని పరీక్షలూ దాటినవి మూడే. పన్నెండైతే మనిషిని చంపేంత షాక్ కొట్టగలవని తేలింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. లోహపు అంచున్న ఫోన్ చార్జింగ్‌లో ఉండగా వేలు రాస్తే సన్నగా జివ్వుమంటే అది నకిలీకి రుజువు కాదు. రెండు పిన్నుల అసలు చార్జర్లలో కూడా ఫిల్టర్ కెపాసిటర్ గుండా కొద్దిపాటి కరెంటు కారుతుంది, టెస్టర్ పెడితే మినుకు మినుకుమంటుంది కూడా. చురుక్కున కొట్టినా, చార్జింగ్‌లో తెర తనంతట తాను టచ్ తీసుకుంటున్నా మాత్రం వెంటనే గోడ దగ్గర స్విచ్ ఆపండి.

నకిలీ అని తేలాక

విప్పి చూడాలని సరదా పడొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో కొంతసేపు మూడొందల వోల్టుల దాకా నిలవుంటుంది. ఇంట్లో ఇంకెవరూ వాడకుండా పిన్నులు వంచేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.

కొత్తది ఫోన్ కంపెనీదే కావాలన్న రూలేం లేదు. పేరు వినని చిన్న బ్రాండైనా సరే, ఆర్-నంబర్ యాప్‌లో బ్రాండ్‌తో సహా కలిసి, లేబుల్ లెక్క సరిపోతే నేను కొంటాను. పెద్ద పేరు పెట్టుకున్న 300 రూపాయల సరుకు కంటే అదే నయం. బిల్లు అడగండి, దాని మీద మోడల్ నంబరు రాయించండి. "బిల్లు లేదు, పాడైతే మార్చిస్తం అన్నా" అంటే పక్క షాపుకు నడవండి. మావాడి దగ్గర బిల్లు లేకనే ఆ 300 వెనక్కి రాలేదు. బిల్లుంటే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించొచ్చు. దొంగ ఆర్-నంబర్ మీద ఫిర్యాదైతే అదే BIS Care యాప్‌లో పెట్టొచ్చు, లేబుల్ ఫొటో స్పష్టంగా తీసి జత చేయండి.