హీట్ మ్యాప్ స్క్రీన్‌షాట్‌లోని రంగు గడుల నుంచి ప్రిసిషన్, రీకాల్ లెక్కించడం ఎలా?

ఒక మోడల్ ఎంత సరిగ్గా వర్గీకరిస్తోందో చూపడానికి చాలామంది పంపేది, అసలు వర్గాలనూ మోడల్ చెప్పిన వర్గాలనూ పక్కపక్కన పెట్టి లెక్క చూపే కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ హీట్ మ్యాప్ స్క్రీన్‌షాట్ ఒక్కటే. కోడ్ ఉండదు, డేటా ఉండదు, ప్రిసిషన్, రీకాల్ విలువలు కూడా చాలాసార్లు ఉండవు. నాలుగు గడులు, వాటిలో నాలుగు అంకెలు, పక్కన ఒక రంగుల పట్టీ మాత్రమే కనిపిస్తాయి. ఆ కాస్త సమాచారంతోనే రెండు కొలతలనూ లెక్కకట్టవచ్చు. అయితే భాగహారానికి ముందు ఆ బొమ్మను ఏ వైపు నుంచి చదవాలో తేల్చుకోవాలి, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా దొర్లేది అక్కడే.

ఉదాహరణగా scikit-learn లైబ్రరీతో పాటు వచ్చే రొమ్ము క్యాన్సర్ డేటాను తీసుకుందాం. `load_breast_cancer` అనే ఆదేశంతో తెరుచుకునే ఈ డేటాలో, సన్నని సూదితో తీసిన కణాల చిత్రాల నుంచి కొలిచిన 30 లక్షణాలు, 569 నమూనాలకు సంబంధించి ఉన్నాయి. వాటిలో 212 క్యాన్సర్ గడ్డలవి, 357 ప్రమాదం లేని గడ్డలవి. ఈ డేటాలో ఐదో వంతును, అంటే 114 నమూనాలను, పరీక్షకు పక్కన పెట్టి గీసిన హీట్ మ్యాప్ మన చేతికి వచ్చిందనుకుందాం. పై వరుసలో 39, 4 అనీ, కింది వరుసలో 1, 70 అనీ ఉన్నాయి. ఈ నాలుగు అంకెలూ లెక్క చూపడానికి నేను ఎంచుకున్నవే.

మొదట అక్షాల మీది రాతను చదవండి

scikit-learn గీసే బొమ్మలో ఎడమ పక్కన `True label` అనీ, కింద `Predicted label` అనీ ఉంటుంది. అంటే ఒక్కో అడ్డువరుస ఒక్కో అసలు వర్గానికి, ఒక్కో నిలువువరుస మోడల్ చెప్పిన ఒక్కో వర్గానికి చెందుతుంది. ఈ అమరిక అందరికీ ఒకటే అని అనుకోకూడదు. ఆర్ భాషలోని `caret` ప్యాకేజీ దీనికి తలకిందులుగా, మోడల్ చెప్పిన వర్గాలను అడ్డువరుసల్లోనూ అసలు వర్గాలను నిలువువరుసల్లోనూ చూపుతుంది. seaborn లైబ్రరీలోని `heatmap` అయితే, మామూలు శ్రేణిని ఇచ్చి గీసేవారు స్వయంగా పేర్లు పెట్టకపోతే, అక్షాల మీద 0, 1 వంటి వరుస సంఖ్యలు తప్ప ఏ పేరూ రాయదు.

అమరికను తలకిందులుగా చదివితే ప్రిసిషన్ అనుకున్నది రీకాల్ అవుతుంది, రీకాల్ అనుకున్నది ప్రిసిషన్ అవుతుంది. రెండూ సున్నాకూ ఒకటికీ మధ్య ఉండే విలువలే కాబట్టి, తప్పు జరిగిందని అంకెను చూసి పసిగట్టలేము. పేర్లు లేని బొమ్మ వచ్చినప్పుడు వరుసల మొత్తాలే ఆధారం. మన ఉదాహరణలో అడ్డువరుసల మొత్తాలు 43, 71. నిలువువరుసల మొత్తాలు 40, 74. పరీక్షకు పెట్టిన వాటిలో నిజంగా క్యాన్సర్ గడ్డలు 43 అని మరో చోట రాసి ఉంటే, అసలు వర్గాలు అడ్డువరుసల్లోనే ఉన్నాయని తేలిపోతుంది. ఆ ఆధారం కూడా లేకపోతే ఊహించి లెక్కకట్టడం కన్నా బొమ్మ పంపినవారిని అడగడమే సరైన పని.

తరువాత రంగుల పట్టీని చూడండి

scikit-learn వాడే `viridis` రంగుల వరుసలో ముదురు ఊదా తక్కువ విలువకు, పసుపు ఎక్కువ విలువకు గుర్తు. చాలామంది ఇష్టపడే `Blues` వరుసలో లేత రంగు తక్కువ, ముదురు నీలం ఎక్కువ. కాబట్టి ముదురు గడి అంటే పెద్ద సంఖ్య అనే అలవాటు ఒక బొమ్మలో నిజమైతే మరో బొమ్మలో తప్పవుతుంది.

రంగు ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో ఇక్కడే గమనించాలి. మన హీట్ మ్యాప్‌లో 70 ఉన్న గడి మెరిసే పసుపులో ఉంటుంది, 39 ఉన్న గడి నీలం కలిసిన ఆకుపచ్చలో ఉంటుంది, 4, 1 ఉన్న గడులు రెండూ దాదాపు ఒకే ముదురు ఊదాలో కనిపిస్తాయి. చూడగానే క్యాన్సర్ గడ్డల విషయంలో మోడల్ సగమే పనిచేస్తోందని అనిపించవచ్చు. నిజానికి ఆ గడి పసుపులో లేకపోవడానికి కారణం మోడల్ బలహీనత కాదు, క్యాన్సర్ నమూనాలు తక్కువగా ఉండటమే. మరో వైపు, మనకు అన్నిటికన్నా ముఖ్యమైన తేడా, అంటే నాలుగు తప్పులకూ ఒక్క తప్పుకూ మధ్య తేడా, కంటికి ఆననే ఆనదు. లైబ్రరీ ఆ మ్యాట్రిక్స్‌లోని అతి చిన్న విలువకు అన్నిటికన్నా ముదురు రంగు వేస్తుంది కాబట్టి, బాగా ముదురుగా ఉన్న గడిలో సున్నా ఉందని కూడా అనుకోకూడదు. లెక్క ఎప్పుడూ అంకెలతోనే చేయాలి. రంగు దారి చూపడానికి మాత్రమే పనికొస్తుంది.

ఏ వర్గం గురించి అడుగుతున్నారో తేల్చుకోండి

ప్రిసిషన్, రీకాల్ మొత్తం బొమ్మకు ఒక్కొక్కటి ఉండవు, ఒక్కో వర్గానికి విడివిడిగా ఉంటాయి. ఈ డేటాలో 0 అంటే క్యాన్సర్ గడ్డ, 1 అంటే ప్రమాదం లేని గడ్డ. ఇది చాలామంది ఊహకు వ్యతిరేకం. `precision_score`, `recall_score` అనే ఫంక్షన్లు వేరే ఏమీ చెప్పకపోతే 1 అనే వర్గాన్నే లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి, అవి ఇచ్చే విలువలు ప్రమాదం లేని గడ్డల గురించినవి అవుతాయి. వాటిని క్యాన్సర్‌ను పట్టుకునే సామర్థ్యంగా చదివితే ఎంత తేడా వస్తుందో కింది లెక్కలో చూడవచ్చు.

ఇక లెక్క

క్యాన్సర్ వర్గంతో మొదలుపెడదాం. ఎడమ పై మూలలోని 39, నిజంగా క్యాన్సర్ అయి మోడల్ కూడా క్యాన్సర్ అని చెప్పినవి. దాని పక్కనున్న 4, క్యాన్సర్ అయినా మోడల్ ప్రమాదం లేదని వదిలేసినవి. 39 కిందనున్న 1, క్యాన్సర్ కాకపోయినా మోడల్ క్యాన్సర్ అని చెప్పినది.

రీకాల్ అడిగే ప్రశ్న: నిజంగా క్యాన్సర్ అయినవాటిలో ఎన్నిటిని మోడల్ పట్టుకుంది? అందుకే సరైన గడిలోని సంఖ్యను దాని అడ్డువరుస మొత్తంతో భాగించాలి. ప్రిసిషన్ అడిగే ప్రశ్న: మోడల్ క్యాన్సర్ అని చెప్పినవాటిలో ఎన్ని నిజం? అందుకే అదే గడిని ఈసారి దాని నిలువువరుస మొత్తంతో భాగించాలి.

```
recall    = 39 / (39 + 4) = 39 / 43 = 0.907
precision = 39 / (39 + 1) = 39 / 40 = 0.975
```

ప్రమాదం లేని గడ్డలకు కూడా ఇదే పద్ధతి. కుడి కింది మూలలోని 70ని దాని అడ్డువరుస మొత్తం 71తో భాగిస్తే రీకాల్ 0.986, నిలువువరుస మొత్తం 74తో భాగిస్తే ప్రిసిషన్ 0.946 వస్తాయి. ఇప్పుడు పైన చెప్పిన ప్రమాదం స్పష్టమవుతుంది. వర్గం గమనించకుండా రీకాల్ 0.986 అని నివేదికలో రాస్తే, క్యాన్సర్ గడ్డలు దాదాపు ఏవీ తప్పిపోలేదని చదివేవారు నమ్ముతారు. అసలు 43లో 4 తప్పిపోయాయి. వైద్య విషయంలో అన్నిటికన్నా ముందు చెప్పాల్సినది ఆ నాలుగు గురించే అని నా అభిప్రాయం.

వర్గాలు రెండు కాక పది ఉన్నా సూత్రం మారదు. కర్ణం మీది గడిని అడ్డువరుస మొత్తంతో భాగిస్తే ఆ వర్గం రీకాల్, నిలువువరుస మొత్తంతో భాగిస్తే ప్రిసిషన్. గడులు ఎక్కువైనప్పుడు అంకెలను చేత్తో ఎక్కించి ఇలా సరిచూసుకోవచ్చు:

```python
import numpy as np
cm = np.array([[39, 4],
               [1, 70]])
print(cm.diagonal() / cm.sum(axis=1))  # recall
print(cm.diagonal() / cm.sum(axis=0))  # precision
```

ఏదైనా నిలువువరుస మొత్తం సున్నా అయితే, అంటే ఒక వర్గాన్ని మోడల్ ఒక్కసారి కూడా చెప్పకపోతే, ఆ వర్గానికి ప్రిసిషన్ నిర్వచించలేము.

గడుల్లో దశాంశాలు కనిపిస్తే ఆగండి

చాలా స్క్రీన్‌షాట్‌లలో 39, 4 బదులు 0.91, 0.09 అని ఉంటుంది. అంటే గీసినవారు సంఖ్యలను నిష్పత్తులుగా మార్చారు. ఏ దిక్కున మార్చారో తెలుసుకోవడానికి కూడి చూడండి. ఒక్కో అడ్డువరుస మొత్తం 1 అయితే కర్ణం మీద ఉన్నవే రీకాల్ విలువలు, వేరే లెక్క అక్కర్లేదు. ఒక్కో నిలువువరుస మొత్తం 1 అయితే కర్ణం మీద ఉన్నవి ప్రిసిషన్ విలువలు. గడులన్నీ కలిపి 1 అయితే, పై పద్ధతిలోనే రెండూ లెక్కించవచ్చు. చివరి అంకెను సవరించి రాస్తారు కాబట్టి మొత్తం 0.99 లేదా 1.01 వచ్చినా కంగారుపడనక్కర్లేదు.

అడ్డువరుసల వారీ నిష్పత్తుల నుంచి ప్రిసిషన్ కూడా తీయాలని ప్రయత్నించడమే ఇక్కడి పెద్ద పొరపాటు. ఒక వర్గంలో 100, మరో వర్గంలో 1900 నమూనాలు ఉన్న మరో బొమ్మను ఊహించండి. దాని పై వరుసలో 0.90, 0.10, కింది వరుసలో 0.05, 0.95 ఉన్నాయి. ఎడమ నిలువువరుసనే తీసుకుని 0.90ని 0.95తో భాగిస్తే 0.947 వస్తుంది, చూడటానికి చక్కటి ప్రిసిషన్. కానీ నిష్పత్తులను అసలు సంఖ్యలుగా మార్చండి: 100లో 0.90 అంటే 90, 1900లో 0.05 అంటే 95. అసలు ప్రిసిషన్ 90ని 185తో భాగిస్తే వచ్చే 0.486 మాత్రమే. మోడల్ మొదటి వర్గమని చెప్పినవాటిలో సగానికి పైగా తప్పులే. ఏ వర్గంలో ఎన్ని నమూనాలు ఉన్నాయో తెలియకుండా ఇలాంటి బొమ్మ నుంచి ప్రిసిషన్ చెప్పడం సాధ్యం కాదు.

గడుల్లో `1.8e+03` వంటి రాత ఉంటే, seaborn తన సొంత అమరిక ప్రకారం రెండు అంకెలకే కుదించి రాసిందని అర్థం. అక్కడ అసలు సంఖ్య 1750 కావచ్చు, 1849 కావచ్చు. కోడ్ చేతిలో ఉన్నవారు `fmt='d'` అని చేర్చి మళ్లీ గీస్తే పూర్తి సంఖ్యలు కనిపిస్తాయి.

అంకెలే లేకపోతే

రంగులు మాత్రమే ఉన్న బొమ్మ వస్తే, ఏదైనా చిత్రాల సాఫ్ట్‌వేర్‌లో గడి మధ్య రంగును ఎంచుకుని, రంగుల పట్టీలో అదే రంగు ఏ అంకె ఎదురుగా ఉందో చూడవచ్చు. `viridis` వరుసలో 256 రంగులే ఉంటాయి. పైన ఊహించిన రెండో బొమ్మనే సంఖ్యలతో గీస్తే విలువలు 10 నుంచి 1805 వరకు ఉంటాయి కాబట్టి, ఒక రంగుకూ తరువాతి రంగుకూ మధ్య దూరం సుమారు 7. అంటే 90 అని చదివినది 83 కావచ్చు, 97 కావచ్చు. 95 అని చదివినది 88 కావచ్చు, 102 కావచ్చు. ప్రిసిషన్‌కు కనిష్ఠం 83ని 83, 102ల మొత్తమైన 185తో, గరిష్ఠం 97ని 97, 88ల మొత్తమైన 185తో భాగిస్తే వస్తాయి కాబట్టి, అలాంటి బొమ్మ నుంచి తీసిన ప్రిసిషన్‌ను 0.486 అని మూడు దశాంశాలతో కాక, 0.45కూ 0.52కూ మధ్య అని రాయాలి. స్క్రీన్‌షాట్ జేపెగ్ రూపంలో వస్తే కుదింపు వల్ల రంగులు మరికొంత చెదురుతాయి కాబట్టి ఆ పరిధిని ఇంకా కాస్త వెడల్పు చేయాల్సి ఉంటుంది.