కిరాయి పోస్టు పెట్టే ముందు: జూన్ రద్దీలో ఇంటి ఓనర్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మే నెల సగం దాటిందంటే నల్గొండలో కిరాయి ఇళ్ల వేట మొదలవుతుంది. పిల్లల చదువు కోసం పల్లెల నుంచి వచ్చే కుటుంబాలు, ట్రాన్స్‌ఫర్ అయిన ఉద్యోగులు, కాలేజీ పిల్లలు అందరూ బడులు తెరిచేలోపే ఇల్లు దొరకాలని తిరుగుతుంటారు. ఓనర్లకూ ఇదే సమయం, ఈ నెల దాటితే పోర్షన్ ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందో తెలియదు. రెండు వైపులా తొందర ఉన్నప్పుడే మోసాలు, మాటపట్టింపులు ఎక్కువవుతాయి. వాటిలో చాలావరకు ఇల్లు చూడకముందే, పోస్టు రాసే దగ్గరే ఆపవచ్చు.

మా చిన్నమ్మ వాళ్ల ఇంట్లో పై పోర్షన్ ఖాళీ అయినప్పుడు వాళ్లబ్బాయి వాట్సాప్‌లో ఇలా పెట్టాడు: "నల్గొండలో డబుల్ బెడ్రూం ఇల్లు కిరాయికి కలదు. మంచి ఏరియా. బస్టాండ్‌కు చాలా దగ్గర. అన్ని సౌకర్యాలు కలవు. కిరాయి రీజనబుల్. వెంటనే కాల్ చేయండి." కింద ఫోన్ నంబర్, నాలుగు ఫొటోలు.

ఇందులో అబద్ధం లేదు. కానీ చదివినవాళ్లకు తెలిసింది కూడా ఏమీ లేదు. ఫోన్లు చాలా వచ్చాయి, అన్నిట్లో అవే ప్రశ్నలు: కిరాయి ఎంత, ఎక్కడ, నీళ్లు వస్తాయా, మీటర్ వేరేనా? మధ్యలో ఒకరు ఇల్లు చూడకుండానే అడ్వాన్స్ పంపుతానన్నారు. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ పోస్టును ఎలా తిరగరాశామో చూద్దాం.

మొదట డబ్బు. "రీజనబుల్" అన్న మాట తీసేసి అంకె రాయాలి. అంకె రాస్తే ఫోన్లు తగ్గుతాయని ఓనర్లు భయపడతారు. నిజమే, తగ్గుతాయి. తగ్గేవి ఆ కిరాయి కట్టలేనివాళ్ల ఫోన్లే. వాళ్ల సమయమూ మీ సమయమూ మిగులుతుంది. అయితే నెల కిరాయి ఒక్కటే రాస్తే సరిపోదు. చేరే రోజున జేబులోంచి మొత్తం ఎంత పోతుందో కిరాయికి వచ్చేవాళ్లకు ముందే తెలియాలి. చిన్నమ్మ వాళ్లది కిరాయి 7,500, నీళ్ల మోటారుకూ మెట్లు ఊడ్చడానికీ నెలకు 300, అడ్వాన్స్ రెండు నెలలు అంటే 15,000. కలిపితే చేరే రోజు 22,800. ఆ ఒక్క అంకె పోస్టులో ఉంటే, అప్పు చేసి అడ్వాన్స్ తెచ్చుకునే కుటుంబం కూడా ముందే లెక్క వేసుకుంటుంది.

అడ్వాన్స్ ఎంతో చెప్పడం కంటే అది ఎలా తిరిగొస్తుందో చెప్పడం ముఖ్యం. ఖాళీ చేసేటప్పుడు జరిగే గొడవల్లో చాలావరకు రంగుల ఖర్చు దగ్గరే. "రంగులకు పట్టుకుంటాం" అని నోటిమాటగా చెబితే ఒకరికి అది రెండు వేలు, ఇంకొకరికి నెల కిరాయి. అందుకే 4,000 అని రాశాం. ఎన్ని రోజుల ముందు చెప్పి ఖాళీ చేయాలి, ఏడాది తర్వాత ఎంత పెరుగుతుంది అన్నవీ అంతే. ఐదు శాతం పెంపు అంటే 7,500 కాస్తా 7,875 అవుతుంది. శాతం రాసి వదిలేయకుండా ఆ రూపాయలే రాయండి, వాదన ఉండదు.

కరెంటు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే దీనిమీద చాలామంది ఓనర్లకే స్పష్టత లేదు. పోర్షన్‌కు సొంత సర్వీస్ ఉందా, లేక ఓనర్ మీటర్ నుంచి తీసిన సబ్ మీటర్ ఉందా? రెండూ ఒకటి కాదు. సబ్ మీటర్ మీరు కాల్చిన యూనిట్లెన్నో లెక్క చెబుతుంది, అంతే. కరెంటు ఆఫీసు లెక్కలో రెండు ఇళ్లూ ఒకే ఇల్లు. కింద 120 యూనిట్లు, పైన 120 యూనిట్లు వాడారనుకోండి. సర్వీసులు వేరే ఉంటే రెండూ 200 లోపే. ఒకే సర్వీస్ మీద అయితే 240. యూనిట్లు పెరిగే కొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి ఇద్దరికీ భారం పడుతుంది. గృహజ్యోతి కింద అర్హత ఉన్న కుటుంబానికి 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తుంది కదా, ఒకే సర్వీస్ మీద 240 కాలితే ఆ నెల అదీ పోతుంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. కాబట్టి "మీటర్ ఉంది" అని ముగించకుండా "వేరే సర్వీస్, వేరే బిల్లు" అని రాయండి. సబ్ మీటరే ఉంటే సబ్ మీటరని రాసి, యూనిట్‌కు ఎంత తీసుకుంటారో కూడా చెప్పండి.

నల్గొండలో నీళ్ల సంగతి రాయని పోస్టును నేను నమ్మను. ఫ్లోరైడ్ తో ఈ జిల్లా పడ్డ బాధ తెలిసిన కుటుంబాలు మొదట అడిగేది తాగే నీళ్ల గురించే. "24 గంటలు నీళ్లు" అని రాస్తే అది బోరా, నల్లానా తెలియదు. వాడుకోవడానికి బోరు, తాగడానికి నల్లా అయితే అలాగే విడదీసి రాయండి. నల్లా రోజు విడిచి రోజు వస్తే అదీ రాయండి. ఎండాకాలం బోరు తగ్గే ఇల్లయితే దాచి లాభం లేదు, మే నెలలో వచ్చి చూసేవాళ్లు పక్కింటివాళ్లను అడిగి తెలుసుకుంటారు.

ఇక ఇల్లెక్కడ అన్నది. "బస్టాండ్‌కు దగ్గర" అంటే నడిచి ఐదు నిమిషాలా, ఆటోలో పదిహేను నిమిషాలా? దూరాన్ని నడకలోనో కిలోమీటర్లలోనో చెప్పాలి. దేవరకొండ రోడ్డు, హైదరాబాద్ రోడ్డు లాంటివి పొడుగాటివి, రోడ్డు పేరు ఒక్కటే చెబితే చోటు తెలియదు. మెయిన్ రోడ్డు మీద అందరికీ తెలిసిన గుర్తు ఒకటి, అక్కడి నుంచి ఎన్నో గల్లీ, ఎన్నో అంతస్తు అన్నవి చాలు. ఇంట్లో పెద్దవాళ్లున్న కుటుంబానికి మెట్ల సంగతి అన్నిటికంటే ముందు కావాలి. గల్లీలోకి సామాన్ల బండి వస్తుందా లేదా అన్నదీ రాయండి.

కానీ డోర్ నంబర్, మ్యాప్ లొకేషన్ పోస్టులో పెట్టకండి. ఖాళీగా తాళం వేసి ఉన్న ఇంటి చిరునామాను ఊరందరికీ చెప్పినట్టవుతుంది. ఫోన్‌లో మాట్లాడి, వచ్చే టైం ఖాయం అయ్యాకే లొకేషన్ పంపాలి. ఫొటోల్లోనూ అంతే జాగ్రత్త. గోడ మీది డోర్ నంబర్, కరెంటు మీటర్ మీది సర్వీస్ నంబర్, పార్క్ చేసిన బండి నంబర్ కనిపించకుండా తీయండి. పగటి వెలుతురులో వంటగది, బాత్రూం, మెట్లు, బయటి గల్లీ తప్పక ఉండాలి. గోడకు చెమ్మ మరక ఉంటే దాన్నీ తీసి "వర్షాలకు ముందే బాగు చేయిస్తాం" అని రాయండి, ఆ మాట నిజమైతేనే.

ఇప్పుడు ఫోన్ చేసినవాళ్ల విషయం. చిన్నమ్మ వాళ్లకు ఫోన్ చేసినతను తను మిలిటరీలో ఉన్నానని, నల్గొండకు ట్రాన్స్‌ఫర్ అయిందని, ఇల్లు ఫొటోల్లో నచ్చిందని చెప్పాడు. అడ్వాన్స్ ఇప్పుడే పంపుతానని క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. ఇది దేశమంతా నడుస్తున్న పాత మోసం. యూపీఐలో మనకు డబ్బు రావడానికి స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని లేదు. పిన్ అడిగిందంటే డబ్బు మన ఖాతా నుంచి పోతున్నట్టే. ఇల్లు చూడకుండా, బేరం ఆడకుండా, వెంటనే డబ్బు పంపుతాననేవాళ్లను గుర్తుపట్టడానికి ఆ తొందరే చాలు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 కు ఫోన్ చేయాలి, cybercrime.gov.in లో ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మోసం రెండో వైపు నుంచీ జరుగుతుంది, దీన్ని ఓనర్లు పట్టించుకోరు. మీ ఫొటోలు తీసుకుని, కిరాయి రెండు వేలు తగ్గించి, వేరే నంబర్‌తో ఇంకెవరో పోస్టు పెడతారు. "చూడాలంటే ముందు టోకెన్ కట్టండి" అని అడుగుతారు. డబ్బు పోయిన కుటుంబం చివరికి మీ గడప ముందుకే వస్తుంది. దీనికి మీరు చేయగలిగినవి రెండు. ఫొటో మధ్యలో, కత్తిరించడానికి వీల్లేని చోట, కిరాయి అంకెతో సహా "ఇల్లు చూశాకే డబ్బు" అని రాయడం ఒకటి. పోస్టులోనే డబ్బు ఎప్పుడు, ఎక్కడ తీసుకుంటారో చెప్పడం రెండోది.

ఇవన్నీ పెట్టి తిరగరాసిన పోస్టు ఇది:

> నల్గొండ, దేవరకొండ రోడ్డు. మెయిన్ రోడ్డు నుంచి రెండో గల్లీ, నడక 4 నిమిషాలు. మొదటి అంతస్తు, లిఫ్ట్ లేదు. డబుల్ బెడ్రూం, ఒక బాత్రూం, బైక్ పార్కింగ్ ఉంది, కారుకు చోటు లేదు. సామాన్ల ఆటో ఇంటి ముందుకు వస్తుంది.
>
> కిరాయి 7,500. నీళ్లు, శుభ్రతకు 300. అడ్వాన్స్ 15,000. చేరే రోజు మొత్తం 22,800. బ్రోకర్ లేరు. కరెంటుకు వేరే సర్వీస్, బిల్లు మీరే కట్టుకోవాలి. వాడుకకు బోరు, తాగడానికి నల్లా (రోజు విడిచి రోజు).
>
> 11 నెలల అగ్రిమెంట్. కొనసాగితే కిరాయి 7,875. ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్పాలి. రంగులకు 4,000 పోను మిగతా అడ్వాన్స్ తాళాలు ఇచ్చిన రోజే వాపస్.
>
> జూన్ 1 నుంచి చేరవచ్చు. ఎంతమంది ఉంటారో, ఎప్పుడు చేరతారో మెసేజ్ చేయండి. సాయంత్రం 5 నుంచి 8 వరకు మేమే ఫోన్ చేస్తాం. ఇల్లు చూపించేది ఓనర్లమే. చూడకముందు ఒక్క రూపాయి కూడా అడగం, తీసుకోం. అడ్వాన్స్ ఇంటి దగ్గరే, రసీదు ఇచ్చి తీసుకుంటాం.

కులం, మతం అడిగే వాక్యం ఇందులో లేదు, ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. బ్యాచిలర్లకు ఇవ్వం, వంటలో ఫలానాది వద్దు లాంటి షరతు నిజంగా ఉంటే మాత్రం పోస్టులోనే రాసేయండి. ఆటో ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్లకు గుమ్మంలో చెప్పడం అన్యాయం.

ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు కరెంటు బిల్లో ఇంటి పన్ను రసీదో తీసి మీ పేరు చూపించండి. అడ్వాన్స్ వెళ్లే ఖాతా పేరూ అదే అయితే వాళ్లకు ధైర్యం ఉంటుంది. ఖాతా కొడుకు పేరు మీద ఉంటే ఆ సంగతి రసీదులో రాయండి. ఆధార్ కాపీలు మాట కుదరకముందే వాట్సాప్‌లో అడగకండి, పంపకండి. పోస్టులో ఉన్న అంకెలే అగ్రిమెంట్‌లోకి ఎక్కాలి. ఒక్కటి మారినా కారణం చెప్పి, ఇద్దరూ ఒప్పుకున్నాకే సంతకం పెట్టండి.

అడ్వాన్స్ తీసుకున్న రోజే పోస్టు పెట్టిన ప్రతిచోటా "కిరాయికి ఇచ్చేశాం" అని మార్చండి, ఫొటోలు తీసేయండి. గేటు మీది టులెట్ బోర్డు కూడా అదే రోజు దించండి.