మాటలు నిండిన స్లయిడ్‌ను పెద్ద హాలు కోసం కుదించడం ఎలా?

పేరా అంతా ఎక్కించిన స్లయిడ్‌ను చేతికిచ్చి "కాస్త చిన్నది చెయ్యండి" అంటే చాలామంది చేసే పని ఒక్కటే: వాక్యాల తోకలు కోసి, ముందు చుక్కలు పెట్టడం. స్లయిడ్ చిన్నదవుతుంది, కానీ చెప్పాల్సింది తలకిందులవుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఆ క్రియ చివరే "కూడదు", "వచ్చు", "తప్పదు" ఉంటాయి. అంటే తోక కోసినప్పుడు పోయేది అసలు సంగతే. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే, మిగతా పనులు సులువు.

ముందు కొలతలు

అసలు ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాత హాలు వాళ్లను రెండు అంకెలు అడగండి: తెర ఎత్తు ఎంత, ఆఖరి వరుస తెరకు ఎంత దూరం. తెర 3 మీటర్ల ఎత్తు, ఆఖరి వరుస 24 మీటర్ల దూరం అనుకుందాం. 24ను 3తో భాగిస్తే 8. మీ ల్యాప్‌టాప్‌లో స్లయిడ్‌ను తెర నిండా పెట్టి దాని ఎత్తును స్కేలుతో కొలవండి. 19 సెంటీమీటర్లు వస్తే, 19 × 8 = 152. ల్యాప్‌టాప్‌కు ఒకటిన్నర మీటర్ల దూరంలో నిలబడితే, ఆఖరి వరుసలో కూర్చున్నవారికి అక్షరం ఎంత కనిపిస్తుందో మీకూ అంతే కనిపిస్తుంది. కళ్లు చికిలించకుండా చదవగలిగితే సరే, లేకపోతే మాటలు ఇంకా తగ్గాలి. హాల్లో వెలుతురు ఉంటే తెర మీది అక్షరం ఇంకాస్త పాలిపోతుంది కాబట్టి రెండడుగులు వెనక్కి జరిగి చూడటం మేలు.

పవర్‌పాయింట్ వెడల్పు స్లయిడ్ ఎత్తు 540 పాయింట్లు. తెలుగుకు 32 పాయింట్ల కన్నా చిన్న అక్షరం పెట్టకండి, శీర్షికకు 40 ఉండాలి. ఇంగ్లిషులో 28 చాలుతుందని ఇక్కడా 28 పెడితే కుదరదు. ఫాంటు ఎత్తులో పైన గుడులకు, కింద ఒత్తులకు చోటు పోగా అక్షరం ఒంటికి మిగిలేది తక్కువ. వరుసల మధ్య ఎడం 1.2 ఉంచండి, లేదంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. హాల్లో నేల మెట్లు లేకుండా చదునుగా ఉంటే, స్లయిడ్‌లో కింది అయిదో వంతు ఖాళీగా వదిలేయండి. అక్కడ ఏం రాసినా ముందు వరుసల తలల వెనక్కి పోతుంది.

ఇంకొక్కటి. పెట్టెలో మాటలు పట్టకపోతే పవర్‌పాయింట్ తనంతట తానే అక్షరాన్ని తగ్గించేస్తుంది. Format Shape లోకి వెళ్లి, Text Options కింద Text Box లో `Do not Autofit` ఎంచుకోండి. అప్పుడు మాటలు పెట్టె దాటి బయటికి వస్తాయి, ఎంత ఎక్కువ రాశారో కంటికి కనిపిస్తుంది.

కోసే ముందు గీతలు గీయండి

కష్టమైన అడుగు ఇదే. ఇక్కడ తొందరపడితే తర్వాత ఏం చేసినా లాభం లేదు.

ఉదాహరణకు ఈ స్లయిడ్ చూడండి:

"కార్యాలయంలో విద్యుత్ పరికరాల వల్ల అగ్నిప్రమాదం సంభవించినప్పుడు, మెయిన్ స్విచ్ ఆపివేసి విద్యుత్ సరఫరా నిలిచిపోయిందని నిర్ధారించుకునే వరకు నీటితో మంటలను ఆర్పే ప్రయత్నం చేయరాదు. శిక్షణ పొందిన సిబ్బంది మాత్రమే, మంట ఇంకా చిన్నదిగా ఉండి, తమ వెనుక బయటికి వెళ్లే దారి తెరిచి ఉన్న పక్షంలో, కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి రకం సిలిండర్‌ను ఉపయోగించవచ్చు. మిగిలిన సిబ్బంది లిఫ్టును వినియోగించకుండా మెట్ల మార్గం ద్వారా బయటకు వెళ్లి, ముందుగా నిర్ణయించిన ప్రదేశంలో చేరాలి."

దీన్ని కుదించమంటే మామూలుగా వచ్చేది ఇలా ఉంటుంది:

విద్యుత్ మంటలు: నీరు
కార్బన్ డయాక్సైడ్ / పొడి సిలిండర్ వాడకం
మెట్ల ద్వారా నిష్క్రమణ

మొదటి వరుస చదివినవాడు బకెట్ అందుకుంటాడు. రెండో వరుస చూసి శిక్షణ లేనివాడు సిలిండర్ లాగుతాడు. మూడో వరుసలో లిఫ్టు ఊసే లేదు. వరుసలు పొట్టిగా, అందంగానే ఉన్నాయి, ఒక్కటీ పనికిరాదు.

అందుకే ముందు ఒక్క మాట కూడా తీసేయకుండా, అసలు పేరాను కాగితం మీద అచ్చు తీసి, కొన్ని మాటల కింద పెన్నుతో గీత గీయండి. "వద్దు" అని చెప్పేవి: చేయరాదు, వినియోగించకుండా. హద్దు పెట్టేవి: వరకు, మాత్రమే, ఇంకా. షరతు చెప్పేవి: ఉన్న పక్షంలో. బలం చెప్పేవి: ఉపయోగించవచ్చు, చేరాలి. ఎవరు చేయాలో చెప్పేవి: శిక్షణ పొందిన సిబ్బంది, మిగిలిన సిబ్బంది. గీత పడిన మాటను మార్చుకోవచ్చు, పొట్టి చేసుకోవచ్చు, కానీ ఎత్తేయకూడదు. గీత పడనిది ఏదైనా పోవచ్చు. "సంభవించినప్పుడు", "ప్రయత్నం", "మార్గం ద్వారా" పోతే ఎవరికీ నష్టం లేదు.

గీత గీసిన వాటిలో "వద్దు" అనేది అన్నిటికన్నా ప్రమాదకరం. చేయరాదు అన్నదాన్ని వాడుకలోకి తెచ్చి "పోయకండి" అని రాయడం సహజంగానే అనిపిస్తుంది. కానీ "పోయండి"కి, "పోయకండి"కి తేడా ఒక్క "క". "ఆపండి", "ఆపకండి" కూడా అంతే. చేతిలో కాగితం మీద ఆ "క" చక్కగా కనిపిస్తుంది. 24 మీటర్ల దూరం నుంచి ఒక్క చూపులో చదివేవాడికి అది మాట మధ్యలో కలిసిపోతుంది. కాబట్టి హాలు స్లయిడ్‌లో నిషేధాన్ని క్రియ లోపల దాచకండి. "వద్దు" అని విడి మాటగా, వరుస చివర, మందంగా రాయండి. ఎర్ర రంగు ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు హాల్లో కొన్నయినా ఉంటాయి.

రెండో గండం షరతుల మధ్య సంబంధం. పేరాలో "ఉండి", "లేదా" అనేవి షరతులను ముడివేస్తాయి. వాటిని విడగొట్టి చుక్కల కింద పెట్టగానే ఆ ముడి మాయమవుతుంది. మూడు చుక్కలు చూసినవాడికి మూడూ కావాలా, ఏదో ఒకటి చాలా అన్నది తెలియదు. ఆ సంగతి శీర్షికే చెప్పాలి: "మూడూ ఉంటేనే" అనో, "ఏ ఒక్కటున్నా" అనో.

ఇక రాయడం

పేరాలో మూడు వాక్యాలున్నాయి, మూడు స్లయిడ్లు చేయండి. ఒక స్లయిడ్‌కు ఒక శీర్షిక, కింద మూడు వరుసలు, మరీ తప్పకపోతే నాలుగు. శీర్షికగా "అగ్నిమాపక భద్రతా మార్గదర్శకాలు" లాంటిది పెట్టి 40 పాయింట్ల చోటు వృథా చేయకండి. అసలు ఆదేశాన్నే శీర్షికగా పెట్టండి.

మొదటిది:

కరెంటు ఉండగా నీళ్లు వద్దు
ముందు మెయిన్ ఆపండి
కరెంటు పోయిందో లేదో చూసుకోండి

"నిర్ధారించుకునే వరకు చేయరాదు" అన్న పొడుగాటి బిగింపును "ఉండగా" ఒక్కటే మోసింది. ఈ "ఉండగా" తీసేసి "నీళ్లు వద్దు" అని మాత్రం రాస్తే, అసలు పేరా చెప్పని మాట మనం చెప్పినట్టు.

రెండోది:

మూడూ ఉంటేనే సిలిండర్ వాడొచ్చు
శిక్షణ పొందారు
మంట ఇంకా చిన్నదే
వెనక దారి తెరిచి ఉంది

ఇక్కడ "వాడొచ్చు" బదులు "వాడండి" అంటే పొట్టిగా ఉంటుంది, కానీ అనుమతి కాస్తా ఆజ్ఞ అయిపోతుంది. భయపడినవాడు వెనక్కి తగ్గే వీలును అసలు పేరా ఇచ్చింది, మనం లాక్కోకూడదు. సిలిండర్ రకం కోసం ఐదో వరుస పెట్టకుండా, ఆ ఆఫీసులో గోడకున్న సిలిండర్ ఫొటో పక్కన పెట్టి, దాని కింద "కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి రకమే" అని రాయండి. ఫొటో ఒక్కటే పెట్టి మాట మానేస్తే మాత్రం, ఆఖరి వరుసకు ఏ సిలిండరైనా ఒకేలా కనిపిస్తుంది.

మూడోది:

మిగతా అందరూ మెట్ల మీదుగా బయటికి
లిఫ్టు వద్దు
గేటు పక్క ఖాళీ స్థలంలో చేరాలి

"ముందుగా నిర్ణయించిన ప్రదేశం" చోటు పేరు కాదు, దానికో వర్ణన. ఆ ప్రదేశం ఏదో అడిగి తెలుసుకుని పేరే రాసేయాలి. ఇక్కడ అది గేటు పక్క ఖాళీ స్థలం అనుకున్నాం. వరుస పొట్టిదైంది, పనికొచ్చే సమాచారమూ పెరిగింది. ఇలాంటి చోట్లు ప్రతి పేరాలోనూ దొరుకుతాయి: "సంబంధిత అధికారి", "నిర్ణీత గడువు", "తగిన మోతాదు". అడిగితే వాటి వెనక ఒక పేరో, తేదీయో, అంకెయో ఉంటుంది.

ఆరు వరుసలు, వరుసకు ఆరు మాటలు అనే లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. తెలుగుకు అది పనికిరాదు. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, "నిర్ధారించుకోవాల్సిందే" లెక్కకు ఒకే మాట, తెరమీద మాత్రం సగం వరుస తింటుంది. మాటలు లెక్కపెట్టేవాడు ఆరో మాట దగ్గర ఆగాలని క్రియను నరికేస్తాడు, మళ్లీ మొదటికే వస్తాం. లెక్కపెట్టాల్సింది వెడల్పు. 32 పాయింట్లలో రాసినప్పుడు ఒక వరుస రెండో వరుసలోకి జారకపోతే చాలు. జారక తప్పదనుకుంటే, అర్థం విరిగే చోట `Shift+Enter` కొట్టి మీరే విరవండి. "30" ఒక వరుసలో, "నిమిషాల్లోపు" కింద వరుసలో పడనివ్వొద్దు.

మాటల ఎంపికలో ఒక్కటే పట్టింపు: క్రియకు క్రియ తోడు పెట్టకండి. "ఆర్పే ప్రయత్నం చేయడం" అంటే ఆర్పడమే, "వినియోగించడం" అంటే వాడటమే. అలాగని క్రియలన్నీ తీసేసి నామవాచకాలు గుది గుచ్చడం ఇంకా చెడ్డది. "సరఫరా నిలుపుదల నిర్ధారణ" అన్నప్పుడు ఎవరు నిలపాలి, ఎవరు చూడాలి అన్నది ఎటో పోయింది.

తిరగేసి చూడండి

తీసేసిన అసలు పేరాను స్లయిడ్ కింది Notes భాగంలో అతికించండి, మాట్లాడేవారికి అది కావాలి. పూర్తి పాఠం జనానికి అవసరమైతే కాగితం మీద పంచండి.

తర్వాత అసలు పేరా చూడని ఒకరిని పిలిచి, ఒక్కో స్లయిడ్‌ను పది సెకన్లు చూపి మూసేయండి. "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. సందర్భం చెప్పి అడగండి. మంట చిన్నదే, దారీ ఉంది, కానీ మీకు శిక్షణ లేదు, సిలిండర్ తీస్తారా? మెయిన్ ఆపారు, కానీ లైటు ఇంకా వెలుగుతోంది, నీళ్లు పోస్తారా? జవాబు అసలు పేరాతో సరిపోలకపోతే తప్పు చదివినవారిది కాదు, గీత పడిన మాటేదో జారిపోయింది. అచ్చు కాగితం తీసి ఒక్కో గీతనూ స్లయిడ్‌లో వెతకండి. ఎక్కడా కనిపించని గీత దగ్గర మళ్లీ రాయండి. మళ్లీ అడిగేటప్పుడు ఇంకో మనిషిని పిలవండి, మొదటివారికి జవాబు ఇప్పటికే తెలిసిపోయింది.