నది ఒడ్డున కంచె లెక్క: జవాబు తప్పినప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

చేతిలో 600 మీటర్ల కంచె ఉంది. తిన్నగా సాగే నది ఒడ్డును ఒక భుజంగా తీసుకుని, మిగిలిన మూడు భుజాలకు కంచె వేసి, దీర్ఘచతురస్రాకారపు పొలాన్ని వీలైనంత పెద్దదిగా చేయాలి. నదివైపు కంచె అక్కర్లేదు. ఈ లెక్కలో అవకలనం రెండు పంక్తులకు మించదు కాబట్టి, జవాబు తప్పిందంటే తప్పు చాలావరకు అవకలనానికి ముందో తర్వాతో జరిగి ఉంటుంది. ఎలాంటి తప్పు జవాబు వచ్చిందో చూస్తే కారణం ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

పోల్చి చూసుకోవడానికి సరైన సాధన ఇది. నదికి లంబంగా ఉన్న భుజాన్ని x అని, నది వెంబడి ఉన్న భుజాన్ని y అని అనుకుందాం. లంబ భుజాలు రెండు, నదికి ఎదురుగా ఉన్న భుజం ఒకటి కాబట్టి 2x + y = 600. దీని నుంచి y = 600 − 2x. వైశాల్యం A = x(600 − 2x) = 600x − 2x². ఇక్కడ x విలువ 0 నుంచి 300 వరకు మాత్రమే ఉండగలదు. అవకలజం A′ = 600 − 4x. దీన్ని సున్నాకు సమానం చేస్తే x = 150, y = 300, వైశాల్యం 45,000 చదరపు మీటర్లు. x విలువ 0 అయినా 300 అయినా వైశాల్యం సున్నాయే కనుక 150 దగ్గర ఉన్నది గరిష్ఠమే.

లక్షణం: జవాబుగా చతురస్రం వచ్చింది

ఈ చతురస్రం రెండు రకాలుగా వస్తుంది, రెండింటికీ కారణాలు వేరు. జవాబు 150 × 150 అయితే నిబంధనను 2x + 2y = 600 అని రాశారన్నమాట. అంటే చుట్టుకొలత సూత్రం అలవాటుగా వచ్చి పడింది, నది ఒడ్డుకు కూడా కంచె పడింది. అప్పుడు వైశాల్యం 22,500 మాత్రమే, సరైన దానిలో సరిగ్గా సగం. దీనికి పరిష్కారం పటంలోనే ఉంది: నదిని అలల గీతతోను, కంచెను మామూలు గీతతోను గీసి, మామూలు గీతల వెంట మాత్రమే వేలు జరుపుతూ, వేలు దాటిన పొడవులను వరుసగా కూడి నిబంధన రాయాలి. గుర్తున్న సూత్రాన్ని కాదు, గీసిన గీతలనే నమ్మాలి.

జవాబు 200 × 200 అయితే నిబంధన సరిగానే ఉంది, కానీ అవకలనమే జరగలేదు. "దీర్ఘచతురస్రాలన్నిటిలో చతురస్రానికే వైశాల్యం ఎక్కువ" అన్న మాట పట్టుకుని 600ను మూడుతో భాగించి ఊరుకున్నారు. ఆ మాట నాలుగు భుజాలకూ కంచె ఉన్నప్పుడు నిజం, ఇక్కడ కాదు. ఎందుకు కాదో 200 × 200 దగ్గర నిలబడి చూడవచ్చు. లంబ భుజాలను ఒక్కొక్క మీటరు తగ్గిస్తే రెండు మీటర్ల కంచె మిగులుతుంది, ఆ రెండు మీటర్లూ నది వెంబడి పొడవుకు చేరతాయి. పొలం 199 × 202 అవుతుంది, వైశాల్యం 40,000 నుంచి 40,198కి పెరుగుతుంది. ఒక మీటరు వదిలి రెండు మీటర్లు సంపాదించే ఈ మారకం లాభంగా ఉన్నంతకాలం చతురస్రం గరిష్ఠం కాలేదు. x విలువ 150కి చేరేసరికి ఆ లాభం ఆగిపోతుంది: 149 × 302 అయినా 151 × 298 అయినా 44,998 చదరపు మీటర్లే వస్తుంది.

అయినా చతురస్రం మీద ఉన్న నమ్మకం పూర్తిగా వమ్ము కాదు. నదిని అద్దంగా భావించి పొలాన్ని అవతలి ఒడ్డున ప్రతిబింబింపజేస్తే, 1200 మీటర్ల కంచెతో నాలుగు వైపులా మూసిన దీర్ఘచతురస్రం ఏర్పడుతుంది. దానికి గరిష్ఠం 300 × 300 చతురస్రమే. అందులో ఇవతలి సగమే మన 150 × 300 పొలం. అవకలనం చేసిన తర్వాత జవాబును సరిచూసుకోవడానికి ఇంతకంటే చక్కని దారి నాకు తెలియదు.

లక్షణం: అవకలజాన్ని సున్నా చేస్తే y = 0 వచ్చింది

వైశాల్యం గరిష్ఠం కావాలంటే పొలానికి పొడవే ఉండకూడదన్న వింత జవాబు ఇది. A = xy అని రాసి, y స్థానంలో 600 − 2x పెట్టకుండానే x దృష్ట్యా అవకలనం చేసినప్పుడు, y ఒక స్థిరరాశి అయినట్లు A′ = y అని వస్తుంది. కారణం ఒక్కటే: x మారితే y కూడా మారుతుందన్న సంగతి జారిపోయింది. ఒకే చలరాశి ఉన్న అవకలనం వాడుతున్నప్పుడు, అవకలనానికి ముందు పంక్తిలో ఒకే చలరాశి మిగిలి ఉండాలి. కుడివైపు రెండు అక్షరాలు కనిపిస్తే పెన్ను అక్కడే ఆపాలి.

ప్రతిక్షేపణ చేయకుండానే ముందుకు వెళ్లాలనుకుంటే అదీ వీలే, కానీ y కూడా x మీద ఆధారపడే ప్రమేయమని గుర్తుంచుకుని లబ్ధ సూత్రం వాడాలి. అప్పుడు A′ = y + x·y′ అవుతుంది. నిబంధనను అవకలనం చేస్తే 2 + y′ = 0, అంటే y′ = −2. కాబట్టి y − 2x = 0, y = 2x. కంచె పొడవు ఎంతైనా నది వెంబడి భుజం లంబ భుజానికి రెట్టింపు ఉండాలని, అంటే కంచెలో సగం నది వెంబడి, మిగిలిన సగం లంబ భుజాలకు పోవాలని ఈ దారిలో సూటిగా తెలుస్తుంది.

ఇక, గరిష్ఠ వైశాల్యం సున్నా అని వచ్చిందంటే x = 150ని A లో కాకుండా A′ లో ప్రతిక్షేపించారు. సరైన పంక్తిలో మళ్లీ వేస్తే చాలు.

లక్షణం: లెక్క అంతా సరిగానే ఉంది, కానీ పొలం ఒడ్డున పట్టడం లేదు

జవాబుల్లో ఎక్కువగా మార్కులు పోయేది, నేలమీద నిజంగా ఎదురయ్యేది ఇదే. ఒడ్డు 240 మీటర్లు మాత్రమే తిన్నగా ఉండి, ఆ తర్వాత నది పక్కకు తిరిగిపోతుందని కొన్నిసార్లు ప్రశ్నలో అదనంగా ఉంటుంది. సాధనలో మాత్రం y = 300 అని వచ్చి, కింద "రెండవ అవకలజం −4, రుణాత్మకం, కనుక గరిష్ఠం" అని కూడా ఉంటుంది. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. అయితే రెండవ అవకలజం వక్రం ఏ వైపు వంగిందో చెబుతుందే తప్ప, x = 150 అనే బిందువు మనకు అనుమతి ఉన్న ప్రదేశంలో ఉందో లేదో చెప్పదు. ప్రదేశాన్ని రాయకుండా అవకలనంలోకి దిగడమే ఇక్కడ తప్పు.

y విలువ 240 దాటకూడదంటే 600 − 2x ≤ 240, అంటే x ≥ 180. కాబట్టి ప్రదేశం 180 నుంచి 300 వరకే. అందులో A′ = 600 − 4x ఎక్కడా సున్నా కాదు. x = 180 దగ్గరే దాని విలువ −120, అక్కడి నుంచి ఇంకా తగ్గుతుంది. వైశాల్యం మొదటి నుంచీ పడిపోతూనే ఉంది కనుక గరిష్ఠం మొదటి అంత్య బిందువు దగ్గరే ఉంటుంది: x = 180, y = 240, వైశాల్యం 43,200. అవకలజం సున్నా అయ్యే బిందువు దొరక్కపోతే లెక్కకు జవాబు లేదని అనుకోకూడదు, అంత్య బిందువులను చూడాలి.

శ్రద్ధగా చదివేవారికి ఇక్కడ ఒక సందేహం రావాలి. నది తిరిగిపోయినంత మాత్రాన నేల అయిపోదు కదా, ఒడ్డు రేఖను అలాగే పొడిగించి, నది లేని ఆ ముక్కకు కూడా కంచె వేసుకోవచ్చు కదా? వేసుకోవచ్చు. అప్పుడు y ≤ 240 అన్న హద్దు పోతుంది, దాని స్థానంలో నిబంధనే మారుతుంది. y విలువ 240 దాటితే, దాటిన y − 240 మీటర్లకు నదివైపూ కంచె కావాలి కనుక 2x + y + (y − 240) = 600, అంటే x + y = 420.

ఇప్పుడు y చలరాశిగా తీసుకోవడం సులువు. 240 లోపల A = y(600 − y)/2, అవకలజం 300 − y. 240 దాటాక A = y(420 − y), అవకలజం 420 − 2y. సరిగ్గా 240 దగ్గర ఎడమవైపు నుంచి చూస్తే వాలు +60, కుడివైపు నుంచి చూస్తే −60. రెండు వాలులూ కలవవు కాబట్టి అక్కడ అవకలజమే లేదు, వక్రం కొండకొనలా మొన తేలి ఉంటుంది, గరిష్ఠం ఆ మొన మీదే ఉంది. y = 239 అయితే వైశాల్యం 43,139.5; y = 240 అయితే 43,200; y = 241 అయితే 43,139. మొన ఎందుకు వచ్చిందంటే, 240 వరకు పొడవులో పెరిగే ప్రతి మీటరుకు ఒక మీటరు కంచె ఖర్చయితే, ఆ తర్వాత ప్రతి మీటరుకు రెండు వైపులా కలిపి రెండు మీటర్లు ఖర్చవుతుంది. కాబట్టి వాలు సున్నా అయ్యే చోట్లతోపాటు అవకలజం లేని చోట్లను కూడా అభ్యర్థుల జాబితాలో చేర్చుకోవాలి.

అలాగని ఎప్పుడూ ఒడ్డు చివర ఆగిపోవడమే మేలని అనుకోకూడదు. ఒడ్డు 120 మీటర్లే ఉంటే, y = 120 దగ్గర ఆగినప్పుడు x = 240, వైశాల్యం 28,800. దాటి వెళితే x + y = 360, A = y(360 − y), అవకలజం 360 − 2y, అది y = 180 దగ్గర సున్నా అవుతుంది. 180 అనేది 120కి అవతల ఉంది కనుక ఈ బిందువు చెల్లుతుంది. పొలం 180 × 180 చతురస్రం, వైశాల్యం 32,400. కంచె సరిపోయిందా అని చూస్తే 180 + 180 + 180 + 60 = 600, సరిగ్గా సరిపోయింది.

ఒడ్డు పొడవును R అని రాస్తే ఎక్కడ ఏది వర్తిస్తుందో తేలుతుంది. R విలువ 300 గాని అంతకంటే ఎక్కువ గాని అయితే 150 × 300. R 200కు, 300కు మధ్య ఉంటే y = R దగ్గర ఆగాలి, ఎందుకంటే దాటిన వెంటనే వాలు 300 − 1.5R, అది R విలువ 200 దాటితే రుణాత్మకం. R 200కు తక్కువైతే భుజం (600 + R)/4 ఉన్న చతురస్రం. చివరి సూత్రంలో R = 200 వేస్తే 200 × 200 వస్తుంది, R = 0 వేస్తే 150 × 150 వస్తుంది. మొదటి లక్షణం కింద తప్పని కొట్టేసిన రెండు చతురస్రాలూ ఇవే: ఒకటి 200 మీటర్ల ఒడ్డుకు, మరొకటి అసలు నదే లేని పొలానికి సరైన జవాబులు.