షాపు బాడుగ పత్రంలో ప్రమాద బాధ్యత షరతును ఎలా రాసుకోవాలి?

కడపలో షాపు బాడుగకు తీసుకునేవారు అడ్వాన్సు, నెల బాడుగ, గడువు వరకే పత్రాన్ని చదివి సంతకం చేస్తుంటారు. ఆ తర్వాతి పేజీలో, “ఆవరణలో ఎవరికి ఏ నష్టం జరిగినా బాడుగదారే భరించి, యజమానికి ఎటువంటి నష్టమూ రాకుండా చూడవలెను” అన్న వాక్యం తరచుగా ఉంటుంది. వచ్చిన మనిషి మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుందో తేల్చేది ఈ ఒక్క వాక్యమే. ఒకరికి వచ్చే నష్టాన్ని మరొకరు భరిస్తామని ఇచ్చే ఇటువంటి హామీనే ఇండెమ్నిటీ షరతు అంటారు.

ముందుగా ఒక విషయాన్ని స్పష్టంగా గ్రహించాలి. గాయపడిన మనిషి మీ పత్రంలో పార్టీ కాదు కనుక అందులోని షరతు అతని హక్కును ఏమాత్రం తగ్గించదు. ఎవరి నిర్లక్ష్యం వలన గాయమైందో వారిపై అతను దావా వేయవచ్చు; ఇద్దరి నిర్లక్ష్యమూ ఉంటే ఇద్దరిపైనా వేయవచ్చు. ఆ సొమ్మును మీరిద్దరూ ఒకరి నుండి ఒకరు ఎలా రాబట్టుకోవాలో మాత్రమే షరతు చెబుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండంతస్తుల భవనంలో పైఅంతస్తును ఒక టైలరు బాడుగకు తీసుకున్నారు. ఇతర షాపులవారు కూడా వాడే మెట్లలో ఒక నల్లబండ వదులై కదులుతోంది. టైలరు ఆ సంగతిని యజమానికి చెప్పినా మరమ్మతు జరగలేదు. నెల తర్వాత ఒక కస్టమరు అదే బండ మీద కాలు జారి పడ్డారు. కోర్టు యజమాని 1,80,000 రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు ఇచ్చిందనీ, లాయరు ఖర్చు మరో 20,000 అయిందనీ అనుకుందాం. తప్పు యజమానిదే అయినా, పైన చెప్పిన వాక్యాన్ని చూపి ఆయన ఆ 2,00,000 రూపాయలనూ టైలరును అడగవచ్చు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 125వ సెక్షను ప్రకారం, హామీ పొందినవారు పరిహారంతో పాటు సహేతుకమైన దావా ఖర్చులను కూడా రాబట్టుకోవచ్చు. ఆ వాక్యం యజమాని సొంత నిర్లక్ష్యానికి కూడా వర్తిస్తుందా అన్నది వాదనకు తావిచ్చే ప్రశ్నే. అయితే ఆ వాదన గెలవడానికి టైలరు మళ్ళీ ఖర్చు పెట్టుకోవాలి.

కాబట్టి సంతకానికి ముందే భవనమంతా నడిచి చూసి, ఏ భాగం ఎవరి చేతిలో ఉందో రాసుకోండి. షాపు లోపలి నేల, ర్యాకులు, కడిగిన తర్వాత మిగిలే తడి మీవి. మెట్లు, పిట్టగోడ, కప్పు, అందరికీ కలిపి ఉన్న కరెంటు లైను యజమానివి. వదులైన బండలనూ, పగుళ్లనూ తేదీ కనబడేలా ఫోటోలు తీసి ఇద్దరూ సంతకం చేయండి.

తరువాత మరమ్మతు ఎవరిదో పత్రంలో విడిగా రాయించండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షను ప్రకారం, తనకు తెలిసి, మామూలు జాగ్రత్తతో మీరు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాలను యజమాని చెప్పాలి. అయితే పత్రంలో లేకుంటే, మరమ్మతు చేసే సాధారణ బాధ్యతను ఆ సెక్షను ఆయనపై పెట్టదు. పత్రంలో రాసి ఉండి, మీరు తెలిపిన తర్వాత కూడా సహేతుకమైన గడువులో ఆయన చేయకపోతే, మీరే చేయించి ఆ ఖర్చును బాడుగలో మినహాయించుకోవచ్చు.

ఇప్పుడు షరతును ఈ ధోరణిలో మార్పించండి: “మెట్లు, కప్పు, గోడలలోని లోపం వలన, లేదా వాటిని మరమ్మతు చేయనందువలన మూడో వ్యక్తికి గాయమైతే, పరిహారమూ దావా ఖర్చులూ యజమాని భరించి బాడుగదారుకు నష్టం రాకుండా చూడవలెను. షాపు లోపల బాడుగదారు లేదా అతని పనివారి నిర్లక్ష్యం వలన గాయమైతే బాడుగదారు అదేవిధంగా భరించవలెను.” పరస్పర అంగీకారం లేదా కోర్టు తీర్పు లేకుండా ఈ సొమ్మును అడ్వాన్సులో కోయరాదని కూడా చేర్చండి.

ఆంధ్రప్రదేశ్‌లో గడువు ఎంతైనా బాడుగ పత్రం రిజిస్టరు చేయించాలి. రిజిస్టరు కాని పత్రంలోని షరతును కోర్టులో సాక్ష్యంగా చూపించడం కష్టమవుతుంది.

హామీ ఇచ్చినవారి దగ్గర డబ్బు లేకపోతే హామీకి విలువ లేదు. అందుకే షాపు పాలసీ తీసుకునేటప్పుడు బయటివారి గాయాలకు వర్తించే పబ్లిక్ లయబిలిటీ భాగం ఉందో లేదో, ఎంత మొత్తానికి ఉందో అడగండి.

ప్రమాదం జరిగితే గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చి, స్థలాన్ని కదపకముందే ఫోటోలు తీసి, రెండో పార్టీకీ బీమా కంపెనీకీ వెంటనే రాతపూర్వకంగా తెలపండి. వారికి చెప్పకుండా రాజీ డబ్బు ఇవ్వకండి. ఆ రాజీ వివేకంతో చేసుకున్నది కాదని వారు వాదిస్తే, మీరు చెల్లించిన సొమ్ము తిరిగి రాకపోవచ్చు.