ఫండ్ లెక్కలు, 7వ పాఠం: ఆల్ఫా తేలేది ఎక్కడ, తప్పేది ఎక్కడ

పోయిన పాఠం చివర ఒక ఫండ్ ఆల్ఫా కట్టమన్నాను, అంటే ఆ ఫండ్ తన రిస్క్‌కు తగ్గట్టు ఇవ్వాల్సిన రాబడి కంటే ఎంత ఎక్కువ ఇచ్చిందో చూడమన్నాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం మైనస్ 4.4 శాతం. అసలు జవాబు ప్లస్ 0.8. ఇంతమంది ఒకేచోట తప్పారంటే సూత్రాన్ని నేను త్వరగా దాటేశానన్నమాట. కాబట్టి కొత్త సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు దీన్ని తేల్చుకుందాం.

లెక్క ఇది. రిస్క్ లేని రాబడి 6.5 శాతం, మార్కెట్ రాబడి 12.5, మార్కెట్ కదిలితే ఫండ్ ఎంత కదులుతుందో చెప్పే బీటా 0.8, ఫండ్ నిజంగా ఇచ్చింది 12.1. సెక్యూరిటీ మార్కెట్ లైన్ ప్రకారం ఆ ఫండ్ ఇవ్వాల్సిన రాబడి:

```
Rf + β × (Rm − Rf)
6.5 + 0.8 × (12.5 − 6.5) = 11.3
```

ఇచ్చింది 12.1, ఇవ్వాల్సింది 11.3. తేడా 0.8, అదే ఆల్ఫా. మీరు బీటాతో గుణించింది మొత్తం 12.5ని. అందుకే ఇవ్వాల్సిన రాబడి 16.5కి ఎగబాకింది. రిస్క్ లేని 6.5 మార్కెట్ రాబడిలోనూ ఉంది కదా, దాన్ని తీసేయకపోతే ఒకే సొమ్మును రెండుసార్లు లెక్కగట్టినట్టే. ప్రశ్నలో ‘మార్కెట్ రిస్క్ ప్రీమియం 6 శాతం’ అని ఇస్తే మాత్రం తీసివేత అప్పటికే అయిపోయింది, మళ్ళీ తీయకండి.

సూత్రం మీద అనుమానం వస్తే నేను బీటా చోట 1 వేసి చూస్తాను. జవాబు సరిగ్గా మార్కెట్ రాబడే రావాలి. మీ పద్ధతిలో 19 వస్తుంది, తప్పు అక్కడే బయటపడుతుంది.

మార్కెట్ పడిన ఏడాదిలోనూ ఇదే సూత్రం. మార్కెట్ మైనస్ 4 అయితే ప్రీమియం మైనస్ 10.5, మన ఫండ్ ఇవ్వాల్సింది 6.5 − 8.4, అంటే మైనస్ 1.9. ఫండ్ ఒక శాతమే నష్టపోతే ఆల్ఫా ప్లస్ 0.9. మైనస్ గుర్తు చూసి బెదిరి ప్రీమియాన్ని ప్లస్ చేసేయకండి.

ఇప్పుడు నాకు నిజంగా చిరాకు తెప్పించే సంగతి. మార్కెట్ రాబడి కోసం చాలామంది పేపర్లో కనిపించే నిఫ్టీ అంకెనే తీసుకుంటారు. అందులో ధరల పెరుగుదలే తప్ప డివిడెండ్లు ఉండవు. ఫండ్ గ్రోత్ ఎన్‌ఏవీలో మాత్రం కంపెనీలు ఇచ్చిన డివిడెండ్లన్నీ కలిసే ఉంటాయి. ఒకరికి అన్నం, కూర రెండూ పెట్టి, ఇంకొకరికి ఒట్టి అన్నం పెట్టి ఎవరు బాగా తిన్నారని అడిగినట్టుంటుంది. పోల్చాల్సింది డివిడెండ్లు కలిసిన టోటల్ రిటర్న్ ఇండెక్స్‌తో, అంటే టీఆర్ఐతో. 2018 ఫిబ్రవరి 1 నుంచి ఫండ్లు తమ పనితీరును టీఆర్ఐతోనే పోల్చి చూపాలని సెబీ ఆదేశించింది. సొంతంగా లెక్క వేసుకునేవాళ్ళు మాత్రం ఇంకా ఇక్కడే జారుతున్నారు.

ఎంత జారుతారో చూడండి. ఇంకో ఫండ్ బీటా 1.2, రాబడి 13.4. మొదటి లెక్కలోని మార్కెట్ రాబడి 12.5 కంటే 0.9 ఎక్కువే, బాగుందనిపిస్తుంది. ఇవ్వాల్సింది 6.5 + 1.2 × 6, అంటే 13.7. ఆల్ఫా మైనస్ 0.3. ఇదే లెక్కలో డివిడెండ్ 1.3 శాతం వదిలేసి మార్కెట్ రాబడి 11.2 అనుకుంటే, ఇవ్వాల్సింది 12.14కి దిగి, ఆల్ఫా ప్లస్ 1.26 అయి కూర్చుంటుంది. వెనకబడ్డ ఫండ్ గెలిచినట్టు కనిపిస్తోంది. తప్పు పరిమాణం ఎప్పుడూ బీటా × డివిడెండ్ రాబడి. అంటే బీటా ఎక్కువున్న ఫండ్‌కే ఈ దొంగ ఆల్ఫా ఎక్కువ దక్కుతుంది. మొదటి ఫండ్‌కు కలిసేది 1.04, రెండోదానికి 1.56.

బీటా ఎక్కడిదంటే, నెలవారీ రాబడుల నుంచి. ఫండ్ రాబడిలోంచి, ఇండెక్స్ రాబడిలోంచి ఆ నెల రిస్క్ లేని రాబడిని తీసేసి ఎక్సెల్‌లో D, E కాలమ్స్‌లో పెట్టండి:

```
=SLOPE(D3:D38,E3:E38)
=INTERCEPT(D3:D38,E3:E38)
```

మొదటిది బీటా, రెండోది నెల ఆల్ఫా. 12తో గుణిస్తే ఏడాదిది. వార్షిక చక్రవడ్డీ రాబడులతో వేసిన జవాబుకూ దీనికీ కాస్త తేడా వస్తుంది, అది తప్పు కాదు. `=RSQ` కూడా చూడండి, ఫండ్ కదలికల్లో ఎంత భాగం ఇండెక్స్ కదలికలతో కలిసి నడిచిందో అది చెబుతుంది. మిడ్‌క్యాప్ ఫండ్‌ను నిఫ్టీ 50తో పోలిస్తే ఆ అంకె తగ్గిపోతుంది. అప్పుడు బీటాను నమ్మలేం, ఆల్ఫానూ నమ్మలేం. ఇండెక్స్ మార్చుకోవడమే దారి.

అభ్యాసం: ఏదైనా ఒక లార్జ్‌క్యాప్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్, రెగ్యులర్ ప్లాన్ రెండింటికీ నెలాఖరు గ్రోత్ ఎన్‌ఏవీలు 37 తీసుకోండి (36 రాబడులకు 37 ఎన్‌ఏవీలు కావాలి). నిఫ్టీ 100 టీఆర్ఐ, 91 రోజుల ట్రెజరీ బిల్లు రేటు కూడా తీసుకోండి. ఆ రేటు ఏడాదిది, 12తో భాగించడం మరవకండి. నాలుగు ఆల్ఫాలు కట్టండి: రెండు ప్లాన్లకూ టీఆర్ఐతో ఒకసారి, ఒట్టి ధరల ఇండెక్స్‌తో ఒకసారి. రెండు ప్లాన్ల బీటాలు దాదాపు ఒకటే రావాలి, ఆల్ఫాల తేడా ఖర్చుల నిష్పత్తుల తేడాకు దగ్గరగా ఉండాలి. అలా రాకపోతే తేదీలు ఎక్కడో ఒక వరస జరిగి ఉంటాయి.