టార్గెట్ తప్పిన సేల్స్ ఉద్యోగికి రేటింగ్ ఎలా ఇవ్వాలి?

బెంగళూరు పీణ్యాలో వర్క్‌షాపులకు ఎయిర్ కంప్రెసర్లు అమ్మే మా టీమ్‌లో ఒక నెల్లూరు కుర్రాడున్నాడు. ఆ ఏడాది అతని టార్గెట్ 2 కోట్లు, తెచ్చింది 1.24 కోట్లు. అంటే 62 శాతం. అప్రైజల్‌లో కూర్చోగానే "మార్కెట్ బాలేదు సార్" అన్నాడు. అది నిజమో సాకో తేల్చడానికి నేను చేసింది ఇదీ.

మొదట ఆ ఏడాది కొటేషన్లన్నీ తీయండి. ఆర్డర్ కానివాటిని రెండు కుప్పలు చేయండి: పోటీ కంపెనీకి పోయినవి, కస్టమర్ ఎవరి దగ్గరా కొనకుండా వాయిదా వేసినవి. మార్కెట్ పడిపోతే రెండో కుప్ప పెరుగుతుంది. అమ్మేవాడిలో పస తగ్గితే మొదటిది పెరుగుతుంది. ఇతని 40 కొటేషన్లలో 11 ఆర్డర్లయ్యాయి, 7 పోటీవాళ్లకు పోయాయి, 22 వాయిదా పడ్డాయి. కొన్న 18 మందిలో 11 మంది ఇతని దగ్గరే కొన్నారన్నమాట. అంతకుముందు ఏడాది 34 మంది కొంటే 20 మంది ఇతని దగ్గర కొన్నారు. నిష్పత్తి దాదాపు అదే.

అయితే 'వాయిదా' అని రాసిందల్లా నమ్మకండి. నేను ఐదుగురికి ఫోన్ చేస్తే ఒకాయన అప్పటికే వేరే కంపెనీ మెషీన్ బిగించేశాడు! ఆ ఒక్కటి కలిపినా లెక్క పెద్దగా మారలేదు. రెండు మూడు తేలి ఉంటే మిగతావాళ్లందరికీ ఫోన్ చేసేవాణ్ణి.

తర్వాత పైప్‌లైన్, అంటే ఇంకా తేలాల్సి ఉన్న ఆర్డర్లు. 60 రోజులుగా కస్టమర్ వైపు నుంచి కదలిక లేనివి, క్లోజింగ్ తేదీ మూడోసారి వాయిదా పడినవి కొట్టేయండి. మనవాడు ఫాలోఅప్ మెయిల్ పెట్టడం కదలిక కాదు, అవతలివాళ్లు డెమో అడగడం కదలిక. ఇతని 1.8 కోట్లు 1.1 కోట్లకు దిగాయి. వచ్చే మూడు నెలల టార్గెట్ 40 లక్షలు కాబట్టి, ఆ మాత్రం ఉంటే ఫరవాలేదు.

శ్రమను విజిట్ల సంఖ్యతో కొలవకండి, ఆ అంకె ఎవరైనా పెంచుకోగలరు. ఎవరిని కలిశాడో చూడండి. ఇక్కడే ఇతని లోపం దొరికింది. వాయిదా పడిన 22లో 9 చోట్ల పర్చేజ్ వాళ్లనే కలిశాడు. కరెంటు బిల్లు తగ్గుతుందంటే చెవి ఒగ్గే ప్లాంట్ మేనేజర్ దాకా వెళ్లలేదు. ఆ తొమ్మిదింటిని మార్కెట్ మీదకు తోసేయడానికి నేను ఒప్పుకోలేదు.

మేం అంకెలకు 60, పైప్‌లైన్‌కు 25, శ్రమకు 15 మార్కులని ఏప్రిల్‌లోనే చెప్పి ఉంచాం. ఏడాది చివర్లో ఒక్కడి కోసం కొలత మారిస్తే అది జాలి చూపించడమే అవుతుంది. టార్గెట్ దాటినవాడికీ ఇదే కొలత: ఒక పాత కస్టమర్ పెద్ద ఆర్డర్‌తో గట్టెక్కి, పైప్‌లైన్ ఖాళీగా ఉన్నవాడూ మా టీమ్‌లోనే ఉన్నాడు.

కుర్రాడికి మధ్య రేటింగ్ ఇచ్చాను. ఇన్సెంటివ్ మాత్రం 62 శాతానికే. జూన్ లోపు ఆ తొమ్మిది చోట్లా ప్లాంట్ మేనేజర్‌ను కలవాలని అప్రైజల్ ఫారంలోనే రాయించాను.